రాజీనామా చేరిందనడానికి రుజువేదీ?

రాజీనామా అన్న మాటలోనే కాగితం ఉంది. పారసీలో "నామా" అంటే పత్రం. మన వీలునామాలో ఉన్నదీ ఆ నామాయే. "రాజీ" అంటే ఒప్పుకోలు. కాబట్టి అసలర్థంలో రాజీనామా అంటే ఒప్పుకోలు పత్రం, ఉద్యోగం మానెయ్యడం కాదు. బొంబాయి ప్రెసిడెన్సీలో రైతు తన పేరున ఉన్న భూమిని వదులుకుంటున్నానని సర్కారుకి రాసిచ్చే కాగితాన్ని రాజీనామా అనేవారు, ఆ భూమిని తీసుకునే రైతు రాసిచ్చేది కబూలియత్. రెండూ సంతకాలున్న కాగితాలే. హిందీవాళ్ళు ఉద్యోగం మానడానికి ఇస్తీఫా అంటారు గానీ మనమూ మరాఠీవాళ్ళూ కన్నడిగులూ ఈ పాత భూమి కాగితం పేరునే ఉద్యోగానికీ తగిలించుకున్నాం.

ఈ భాషా శాస్త్రమంతా ఇప్పుడెందుకంటారా? మన ఐటీ జనాల్లో చేత్తో సంతకం పెట్టి రాజీనామా ఇచ్చినవాళ్ళు ఎంతమంది ఉంటారో వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. అందరం మెయిలే కొడతాం. "డియర్ ఫలానా, ప్లీజ్ యాక్సెప్ట్ దిస్ యాజ్ మై ఫార్మల్ రెజిగ్నేషన్" అని నాలుగు ముక్కలు రాసి సెండు నొక్కి, క్యాంటీన్‌కి పోయి టీ తాగుతాం. అంతా సజావుగా సాగితే ఏ గొడవా లేదు. సాగనప్పుడే వస్తుంది తంటా. నీ మెయిలు మాకు రాలేదనో, వచ్చింది గానీ దాన్ని రాజీనామాగా లెక్కెయ్యలేదనో, సంతకం లేని మెయిలు చెల్లదనో అంటారు. అప్పుడు చేతిలో ఏముండాలి? సంతకం ముఖ్యమా, చేరిందన్న రుజువు ముఖ్యమా? దీనికి మన దేశంలో పెద్ద చరిత్రే ఉంది.

ముందు సంతకం సంగతి చూద్దాం. రాజ్యాంగంలో రాజీనామా గురించి చెప్పిన ప్రతి చోటా దాదాపు ఒకే పలుకుబడి కనిపిస్తుంది.. స్వహస్తంతో రాసిన పత్రం ద్వారా, ఫలానావారిని ఉద్దేశించి. హైకోర్టు జడ్జి అయితే రాష్ట్రపతికి, ఎమ్మెల్యే అయితే స్పీకరుకి. మన తెలుగు పేపర్లు చదివేవాళ్ళకి "స్పీకర్ ఫార్మాట్‌లో రాజీనామా" అన్న మాట వేరే చెప్పక్కర్లేదు. తెలంగాణ ఉద్యమ కాలంలో ఆ మాట రోజూ వినేవాళ్ళం. 2011 జులైలో ఎమ్మెల్యేలు గుంపులుగా రాజీనామాలిస్తే, స్పీకర్ నాదెండ్ల మనోహర్ ఆ నెలలోనే వాటిని తిరస్కరించారు. ఎమ్మెల్యే రాజీనామా స్వచ్ఛందమా, నిజమైనదా అని స్పీకరు చూసుకోవాలన్న నియమం 1974లో 33వ సవరణతో వచ్చింది. ఆ రోజుల్లో గుజరాత్ నవనిర్మాణ ఉద్యమంలో ఎమ్మెల్యేల చేత బలవంతంగా రాజీనామాలు రాయించారన్న గొడవ జరిగింది, దాని ఫలితం అది. ఇంకో చిత్రం చూడండి. విశాఖ ఉక్కు ప్రైవేటీకరణకి నిరసనగా గంటా శ్రీనివాసరావు రాజీనామా ఇచ్చింది 2021 ఫిబ్రవరిలో. దాన్ని ఆమోదించింది 2024 జనవరిలో! మూడేళ్ళ నోటీసు పీరియడు అన్నమాట :-)

మరి మామూలు కంపెనీలో పనిచేసే మనకి ఈ "స్వహస్తం" నియమం వర్తిస్తుందా? వర్తించదు. మన రాజీనామాకి ఆధారం రాజ్యాంగం కాదు, మనం చేరేటప్పుడు సంతకం పెట్టిన అపాయింట్‌మెంటు లెటరు. అందులో "ఇరుపక్షాల్లో ఎవరైనా అరవై రోజుల లిఖితపూర్వక నోటీసుతో" అన్న వాక్యం ఉంటుంది. లిఖితపూర్వకం అంటుంది గానీ, చాలా లెటర్లలో సంతకం ఉండాలని రాయరు. 2000 అక్టోబరు 17న అమల్లోకి వచ్చిన ఐటీ చట్టంలో నాలుగో సెక్షను ఏమంటుందంటే, ఏదైనా చట్టం లిఖితపూర్వకంగా ఉండాలంటే, తర్వాత చూసుకోవడానికి వీలుగా ఉన్న ఎలక్ట్రానిక్ రూపమైనా చాలు. తర్వాత 2009లో అమల్లోకొచ్చిన సవరణలో 10ఎ సెక్షను చేర్చి, ఎలక్ట్రానిక్ పద్ధతిలో కుదిరిందన్న ఒక్క కారణంతో ఏ కాంట్రాక్టూ చెల్లకుండా పోదని తేల్చేశారు. 2010 జనవరిలో ట్రైమెక్స్, వేదాంత అల్యూమినియం కంపెనీల మధ్య బాక్సైటు కొనుగోలు తగవులో సుప్రీం కోర్టు, సంతకాలు పెట్టిన ఒప్పంద పత్రం లేకపోయినా మెయిళ్ళలో నడిచిన ఆఫరూ దానికి ఒప్పుకోలూ చాలు, కాంట్రాక్టు కుదిరినట్టే అంది. షిప్పులకి షిప్పులు బాక్సైటు కొనడానికే మెయిలు సరిపోయినప్పుడు, ఒక టీమ్ లీడ్ ఉద్యోగం మానడానికి సరిపోదా?

ఇక్కడో చిన్న పిడకలవేట. కొందరు సంతకాన్ని ఫోటో తీసి, వర్డ్ ఫైల్లో అతికించి, పీడీఎఫ్ చేసి మెయిలుకి తగిలిస్తారు. చట్టం దృష్టిలో అది ఎలక్ట్రానిక్ సంతకం కాదు, సంతకం బొమ్మ మాత్రమే. పెట్టినా నష్టం లేదు, పెడితే అదనపు బలమూ లేదు. అసలైన ఎలక్ట్రానిక్ సంతకమంటే డిజిటల్ సర్టిఫికెట్టుతోనో, 2015 నుంచి చట్టంలో చేరిన ఆధార్ ఈ-సైన్‌తోనో పెట్టేది. మామూలు రాజీనామాకి ఇంత హంగామా అక్కర్లేదు.

కాబట్టి సంతకం దగ్గర పెద్ద పేచీ లేదు. పేచీ అంతా చేరడం దగ్గరే.

కోర్టుల్లో రాజీనామా కేసులు చదువుతుంటే ఒక విషయం తమాషాగా అనిపిస్తుంది. రాజీనామా ఇవ్వలేదని గొడవపడ్డ కేసులకన్నా, ఇచ్చి వెనక్కి తీసుకోబోయిన కేసులే ఎక్కువ. అక్కడ అసలు ప్రశ్న ఎప్పుడూ తేదీలదే. ఏ కాగితం ఏ రోజు ఎవరి చేతికి చేరింది?

1964లో రాజస్థాన్‌లో పనిచేస్తున్న రాజ్‌కుమార్ అనే ఐఏఎస్ అధికారి ఆగస్టు 21న ముఖ్యమంత్రికి రాజీనామా లేఖ రాశారు. కేంద్ర ప్రభుత్వం అక్టోబరు 31న దాన్ని ఒప్పుకుని, ఈయన్ని ఎప్పుడు రిలీవ్ చేస్తారో చెప్పమని రాష్ట్రానికి రాసింది. ఈలోగా ఆయన మనసు మారి నవంబరు 27న వెనక్కి తీసుకుంటున్నానని రాశారు. ఆయనకి సంబంధించిన ఆర్డరు మాత్రం 1965 మార్చి 29న గానీ బయటికి రాలేదు. మరి ఒప్పుకున్న సంగతి తనకి తెలిసేలోపే వెనక్కి తీసుకున్నాను కదా అని ఆయన వాదన. 1968లో సుప్రీం కోర్టు ఒప్పుకోలేదు. సరైన అధికారి ఆమోదించిన రోజుతోనే ఉద్యోగం ముగిసినట్టు, మరో నియమం ఏదీ లేనప్పుడు ఆ ఆమోదం ఉద్యోగికి చేరిందా లేదా అన్నది అనవసరం అంది. ఫైలు మీద రాసుకుంటే చాలన్నమాట, మనకి చెప్పక్కర్లేదు!

1977లో అలహాబాద్ హైకోర్టు జడ్జి సతీష్ చంద్ర గారిది ఇంకో రకం. మే 7న రాష్ట్రపతికి రాజీనామా రాశారు, ఆగస్టు 1 నుంచి అమలు అని అందులోనే చెప్పారు. జులై 15న వెనక్కి తీసుకుంటున్నానని మరో లేఖ రాశారు. అది చెల్లదని హైకోర్టు అంది, చెల్లుతుందని 1978లో సుప్రీం కోర్టు మెజారిటీ తీర్పు చెప్పింది. ముందు తేదీ వేసి ఇచ్చిన రాజీనామా ఆ తేదీ వచ్చేదాకా ఒక ఉద్దేశ్య ప్రకటన మాత్రమే, అప్పటిదాకా వెనక్కి తీసుకోవచ్చు అని. మన నోటీసు పీరియడుకి దగ్గరగా ఉండే కేసు ఇది. అయితే ప్రైవేటు కంపెనీల్లో అపాయింట్‌మెంటు లెటర్లో రాసుకున్న షరతులని బట్టి ఇది మారుతుంది, గుడ్డిగా నమ్ముకోవద్దు.

ఇక నాకు అన్నింటికన్నా ఎక్కువ పనికొచ్చేదనిపించిన కేసు ఈమధ్యదే. కొంకణ్ రైల్వేలో ఎస్.డి. మనోహర అనే ఉద్యోగి. 1990 నుంచి అక్కడే పని. 2013 డిసెంబరు 5న రాజీనామా లేఖ ఇచ్చారు, నెల గడువు తర్వాత అమల్లోకి వచ్చినట్టు భావించమని. నెల గడిచింది, ఏమీ జరగలేదు. ఇంకో మూడు నెలలు గడిచాయి. కంపెనీ చెప్పేదేమిటంటే, 2014 ఏప్రిల్ 7 నుంచి అమలయ్యేలా రాజీనామాని ఆమోదించాం, ఏప్రిల్ 15 తేదీతో లెటరు కూడా ఇచ్చాం అని. ఆయన చెప్పేదేమిటంటే, ఆ లెటరు నాకు అందనేలేదు అని. ఈలోపు ఆయన కొన్ని రోజులు రాకపోతే, అనుమతి లేకుండా గైర్హాజరయ్యావు, వచ్చి డ్యూటీలో చేరమని కంపెనీయే పిలిచింది. మే 19న ఆయన వెళ్ళి చేరారు. మే 26న రాజీనామా వెనక్కి తీసుకుంటున్నానని లేఖ ఇచ్చారు. జులై 1న కంపెనీ ఆయన్ని రిలీవ్ చేసింది.

చూడండి, మొత్తం కేసు ఒక్క లెటరు మీద నిలబడింది. ఏప్రిల్ 15 లెటరు ఆయనకి చేరి ఉంటే మే 26 నాటి ఉపసంహరణకి విలువ లేదు. చేరకపోతే ఉంది. కర్ణాటక హైకోర్టులో సింగిల్ జడ్జి ఆయన పక్షం, డివిజన్ బెంచి కంపెనీ పక్షం. చివరికి 2024 సెప్టెంబరు 13న సుప్రీం కోర్టు అడిగిన ప్రశ్న చాలా మామూలుది.. ఆ లెటరు ఈయనకి అందిందని చూపించే కాగితం ఏది? కంపెనీ దగ్గర లేదు. పైపెచ్చు, ఏప్రిల్ 7తోనే ఉద్యోగం అయిపోయినవాణ్ణి మే నెలలో డ్యూటీకి రమ్మని ఎందుకు పిలిచారు? కాబట్టి ఏప్రిల్ 15 నాటిది ఆఫీసు లోపలి ఉత్తర ప్రత్యుత్తరమే అని తేల్చి, ఆయన్ని తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమని, మధ్యలో పోయిన కాలానికి సగం జీతం ఇమ్మని ఆదేశించింది. పదేళ్ళ జీతంలో సగం! ఒక రసీదు లేకపోయినందుకు.

రాజ్‌కుమార్ కేసుకీ దీనికీ పొంతన కుదరడం లేదు కదా అనిపించొచ్చు. నాకూ అలానే అనిపించింది. తేడా ఎక్కడంటే, అక్కడ ఆమోదం జరిగిందనడంలో అనుమానం లేదు, ఆమోదం తర్వాత సర్కారు దానికి విరుద్ధంగా నడుచుకోలేదు. ఇక్కడ కంపెనీ ప్రవర్తనే ఆమోదం జరగనట్టు ఉంది. కాబట్టి లెటరు అందలేదు అన్న మాట ఒక్కటే ప్రతిసారీ గెలిపిస్తుందని అనుకోవద్దు. కానీ రుజువు అటూ ఇటూ కావాలి అన్నది మాత్రం తేలింది. మనది వాళ్ళకి చేరినట్టు, వాళ్ళది మనకి చేరినట్టు (లేదా చేరనట్టు). మనలో చాలామంది మొదటిదే ఆలోచిస్తాం, రెండోదాని తేదీ ఎక్కడా రాసిపెట్టుకోం.

సరే, చేరిందనడానికి రుజువు ఎలా పుడుతుంది? కాగితం విషయంలో అన్నింటికన్నా పాతదీ గట్టిదీ ప్రభుత్వ ఆఫీసుల్లో మనందరం చూసిన పద్ధతే. రెండు కాపీలు పట్టుకెళ్ళి, ఒకటి ఇన్‌వర్డ్ గుమాస్తాకి ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, తేదీ, పొట్టి సంతకం, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోవడం. దీని బలమంతా ఎక్కడుందంటే, రసీదు వేసింది అదే ఉత్తరం కాపీ మీద. లోపల ఏముందన్న ప్రశ్నే రాదు. ఐటీ కంపెనీల్లో ఇన్‌వర్డ్ గుమాస్తా ఉండడు గానీ, హెచ్చార్ వాళ్ళచేత కాపీ మీద "రిసీవ్డ్" అని రాయించి పేరు, తేదీ, సంతకం పెట్టించుకోవచ్చు. రిసెప్షన్‌లో సెక్యూరిటీ ముద్ర వేయించుకోవడం దీనికి చాలా తక్కువరకం, ఎందుకంటే ఆయన రోజూ స్విగ్గీ పొట్లాలకీ అదే ముద్ర వేస్తాడు.

చేతికివ్వడం కుదరనప్పుడు పోస్టు. సరైన చిరునామా రాసి, టికెట్లంటించి, రిజిస్టరు చేసి పంపితే మామూలుగా చేరాల్సిన టైముకి చేరినట్టే భావించమని 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 27వ సెక్షను చెబుతుంది. అది చట్టం ప్రకారం పంపాల్సిన నోటీసులకి. మామూలు ఉత్తరాలకి సాక్ష్య చట్టంలో "వ్యవహారాలు మామూలుగా నడిచినట్టే నడిచాయని అనుకోవచ్చు" అనే నియమం ఆసరా. పాత చట్టంలో అది 114వ సెక్షను, 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 119. తీసుకోకుండా తిప్పికొట్టినా చేరినట్టే లెక్క అని, అంతే కాదు, లోపలున్నది తెలిసినట్టే లెక్క అని 1981లో హర్‌చరణ్ సింగ్ కేసులో సుప్రీం కోర్టు అంది. తలుపు వేసుకుని కూర్చుంటే తప్పించుకోలేరన్నమాట.

మరి కవరులో తెల్ల కాగితం పెట్టి పంపి, రాజీనామా పంపానంటే? లేదా నిజంగానే పంపితే వాళ్ళే ఖాళీ కవరు వచ్చిందంటే? ఇది కల్పన కాదు, పాత తగవే. రసీదు కవరుకి, ఉత్తరానికి కాదు. అందుకే అనుభవమున్న వకీళ్ళు ఎక్‌నాలెడ్జ్‌మెంటు కార్డు మీదే "ఫలానా తేదీ రాజీనామా లేఖ" అని రాయిస్తారు, ఉత్తరంలో పోస్టు పద్ధతి కూడా రాయిస్తారు, అదే ఉత్తరాన్ని ఇంకో దారిలో కూడా పంపిస్తారు. ఆ రెండో దారి ఇప్పుడు మెయిలు.

ఒకప్పుడు చవకైన ఇంకో దారి ఉండేది. సర్టిఫికెట్ ఆఫ్ పోస్టింగ్ అని, యూపీసీ అనేవారు. ఒక కాగితం మీద చిరునామా రాసి పోస్టాఫీసులో ముద్ర వేయించుకుంటే, ఉత్తరం పోస్టు చేశారనడానికి సాక్ష్యం. ముద్రలో తేదీ పాతది వేయించుకోవడం కష్టమేమీ కాదని కోర్టులే అనుమానించడం మొదలుపెట్టాయి. చివరికి 2011లో తపాలా శాఖ దాన్ని ఎత్తేసింది. తారుమారుకి వీలైన రుజువు రుజువు కాదని మెయిలు కన్నా ముందే పోస్టు నేర్పింది.

మెయిలు దగ్గరికి వద్దాం. మన సొంత ఇలాకా కదా, ఇక్కడ కాస్త తీరిగ్గా కూర్చుందాం. ఐటీ చట్టం 13వ సెక్షను చదివినప్పుడు నాకు దాన్ని ఎవరో మెయిల్ అడ్మిన్ రాశాడేమో అనిపించింది. పంపడం ఎప్పుడు జరిగినట్టు? పంపినవాడి అదుపులో లేని కంప్యూటరు వ్యవస్థలోకి వెళ్ళినప్పుడు. చేరడం ఎప్పుడు? అందుకునేవాడు ఫలానా చోటికి పంపమని ముందే నిర్ణయించి ఉంటే, అందులోకి ప్రవేశించినప్పుడు. అక్కడికి కాకుండా వేరే చోటికి పంపితే, ఆయన దాన్ని తీసి చూసినప్పుడు. ఏ చోటూ నిర్ణయించకపోతే, ఆయన వ్యవస్థలోకి ప్రవేశించినప్పుడు.

దీని అర్థం మన భాషలో చెప్పుకుందాం. మీ కంపెనీ పాలసీలో రాజీనామాలు ఫలానా హెచ్చార్ ఐడీకి, లేదా పోర్టల్లో ఫలానా స్క్రీను ద్వారా అని రాసి ఉంటే, అదే "నిర్ణయించిన చోటు". అక్కడ పడితే చాలు, వాళ్ళు చదివారా లేదా అన్నది మీ తలనొప్పి కాదు. మేనేజరు సొంత జీమెయిలుకో వాట్సాప్‌కో పంపితే ఆయన తెరిచి చూసేదాకా చేరినట్టు కాదు, తెరిచాడని మీరే రుజువు చెయ్యాలి. మనవాళ్ళు చాలామంది మేనేజరుకి చాట్‌లో చెప్పి అదే రాజీనామా తేదీ అనుకుంటారు. పోర్టల్లో అప్లై చేసేది వారం తర్వాత, మేనేజరు "ముందు కూర్చుని మాట్లాడదాం" అన్నాడని.

ఆ వారం ఎంత ఖరీదో ఒక లెక్క చూద్దాం. అరవై రోజుల నోటీసు. 2024 జూన్ 3 సోమవారం సాయంత్రం మెయిలు పంపారనుకోండి. పంపిన రోజుని వదిలేసి లెక్కేస్తే అరవయ్యో రోజు ఆగస్టు 2, శుక్రవారం. కొత్త కంపెనీలో ఆగస్టు 5 సోమవారం చేరతానని మాటిచ్చారు. ఇప్పుడు హెచ్చార్, పోర్టల్లో జూన్ 10న పడింది కాబట్టి నీ ఆఖరి రోజు ఆగస్టు 9 అంటుంది. ఇటు ఆగస్టు 5న చేరకపోతే ఆఫరు పోతుంది, అటు ఆగస్టు 9 దాకా ఉండకపోతే అబ్‌స్కాండింగ్ అని రాసి రిలీవింగ్ లెటరు ఆపుతారు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ఆ ఒక్క మాట ఏళ్ళ తరబడి వెంటాడుతుంది. వారం రోజుల తేడా కాదిది, జూన్ 3 నాటి మెయిలు చేరిందా అన్న ఒకే ప్రశ్న.

మెయిలు చేరిందని మీ దగ్గర ఏముంది? సెంట్ ఫోల్డరు. అది మీ అంతట మీరు దాచుకున్న కాపీ, అంతే. మీ మెషీను దాటి బయటికి వెళ్ళిందని అది చెప్పదు. అందులో `Received:` లైన్లు ఉండవు, `DKIM-Signature:` ఉండదు, ఎందుకంటే అవి దారిలో సర్వర్లు చేర్చేవి. అదే మెయిల్లో మీ సొంత ఐడీని సీసీలో పెట్టుకుంటే అక్కడికి వచ్చిన కాపీలో ఈ ముద్రలన్నీ ఉంటాయి. ఇలా కనిపిస్తుంది:

```
Received: from mail.example.com ... Mon, 3 Jun 2024 13:12:14 +0000
DKIM-Signature: v=1; d=example.com; ...
Date: Mon, 3 Jun 2024 18:42:10 +0530
Message-ID: <a1b2c3@example.com>
To: hr@example.com
```

పోస్టాఫీసు ముద్రలాంటిది ఆ `Received:` లైను. గమనించారా, అందులో టైము మన టైము కాదు, ఐదున్నర గంటలు వెనక. అర్థరాత్రి పన్నెండు దాటాక పంపిన మెయిలుకి సర్వరు ముద్రలో ముందురోజు తేదీ కనిపిస్తుంది. తేదీ మీద గొడవొచ్చినప్పుడు `+0000`, `+0530` చూడకుండా వాదనకి దిగకండి. డీకిమ్ సంతకం 2007లో ప్రమాణంగా వచ్చింది. అది పంపినవాడిది కాదు, పంపిన డొమైనుది. ఈ మెయిలు ఆ కంపెనీ సర్వరు నుంచే వచ్చింది, దారిలో మారలేదు అని చెబుతుంది. అయితే కంపెనీ తాళాలు మార్చేస్తే పాత సంతకాన్ని తర్వాత సరిచూడటం కుదరకపోవచ్చు.

ఇక్కడ ఒక పరిమితి ఒప్పుకోవాలి. సీసీ కాపీ మీకు చేరిందని చెబుతుంది గానీ హెచ్చార్‌కి చేరిందని చెప్పదు. మెయిలు బయల్దేరింది, అందులో హెచ్చార్ చిరునామా సరిగ్గా ఉంది అన్నంతవరకే దాని బలం. హెచ్చార్ సర్వరు `250` అని జవాబిచ్చి తీసుకున్న లాగ్ అసలైన రుజువు, అది కంపెనీ చేతిలో ఉంటుంది. 1982 నాటి ఎస్ఎమ్‌టీపీ ప్రమాణం నుంచీ ఆ `250` అంటే, ఇక ఈ మెయిలు బాధ్యత నాది అని సర్వరు ఒప్పుకోవడం. డెలివరీ రసీదు అడిగితే ఆ మాటే మెయిలుగా మనకొస్తుంది. రీడ్ రిసీటు వేరు. దానికి 1998లో ప్రమాణం వచ్చింది, `Disposition-Notification-To:` అనే హెడరుతో అడుగుతుంది, పంపాలా వద్దా అన్నది అవతలివాడి ఇష్టం. వస్తే మంచిదే, రాకపోతే చదవలేదని కాదు.

అన్నింటికన్నా సులువైనది మాత్రం మనిషి జవాబే. "మీ మెయిలు అందింది, మాట్లాడదాం" అని మేనేజరు రాసిన ఒక్క లైను రీడ్ రిసీటు కన్నా ఎక్కువ. ఐటీ చట్టం 12వ సెక్షను ప్రకారం అందినట్టు చెప్పడానికి ప్రత్యేక రూపమేదీ పంపినవాడు నిర్దేశించకపోతే ఏ రకమైన జవాబైనా, ఆటోమేటిక్‌గా వచ్చినదైనా, చివరికి అందినట్టు తెలిపే ప్రవర్తనైనా చాలు. పోర్టల్లో టికెట్ నంబరు వచ్చిందా, అదీ చాలు. నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ మీటింగు పెట్టారా, అదీ ప్రవర్తనే. మా టీములో ఒకబ్బాయి జవాబు రాకపోతే రెండో రోజు అదే మెయిలు మీద "నిన్న పంపిన నా రాజీనామా ప్రకారం నా ఆఖరి రోజు ఫలానా తేదీ, హ్యాండోవర్ ఎవరికి ఇవ్వాలి?" అని మళ్ళీ రాశాడు. దానికి మేనేజరు ఒక పేరు రాసి పంపాడు. కథ అక్కడితో ముగిసింది. రాజీనామా అందిందా అని అడిగితే మౌనంగా ఉండేవాళ్ళు హ్యాండోవర్ ఎవరికి అంటే వెంటనే జవాబిస్తారు :-)

ఇవన్నీ ఎప్పుడు దాచుకోవాలంటే అదే రోజు. కొన్ని కంపెనీలు రాజీనామా ఇచ్చిన గంటలోనే మెయిలు యాక్సెస్ తీసేస్తాయి, మిగతావాళ్ళు ఆఖరి రోజు లాప్‌టాప్ లాక్కుంటారు. సొంత ఐడీకి వచ్చిన కాపీని స్క్రీన్‌షాట్‌గా కాకుండా హెడర్లతో సహా `.eml` ఫైలుగా దింపుకోవాలి. స్క్రీన్‌షాట్ అంటే డిజిటల్ యూపీసీ, ఎవరైనా చెయ్యొచ్చు. సొంత ఐడీకి పంపుకునేది మీ రాజీనామా, దాని జవాబులు మాత్రమే. ఆ సందట్లో ప్రాజెక్టు మెయిళ్ళు పంపుకుంటే అది వేరే కేసవుతుంది.

ఆ ఫైలు కోర్టుదాకా వెళ్తే ఏమవుతుందో కూడా చెప్పి వదిలేస్తాను. 2014లో అన్వర్ కేసు, 2020లో అర్జున్ ఖోట్కర్ కేసు తర్వాత, ఎలక్ట్రానిక్ రికార్డు కాపీ చూపించాలంటే సర్టిఫికెట్టు ఉండాల్సిందే. అసలు పరికరమే కోర్టుకి తెస్తే అక్కర్లేదు, కానీ అసలు లాప్‌టాప్ కంపెనీ తీసేసుకుంది కదా. ఇప్పుడది భారతీయ సాక్ష్య అధినియంలో 63వ సెక్షను. సర్టిఫికెట్టులో రెండు భాగాలు, మొదటిది మీరు నింపాలి, రెండోది నిపుణుడు నింపాలి. రెండింట్లోనూ ఫైలు హ్యాష్ విలువ రాయాలి. మనకి ఒక్క లైను పని:

```
sha256sum resignation.eml
```

దింపుకున్న రోజే ఈ విలువని రాసి పెట్టుకుంటే, రెండేళ్ళ తర్వాత ఇది అదే ఫైలు, మధ్యలో ఎవరూ ముట్టుకోలేదు అని చెప్పుకోవచ్చు.

మరి కాగితం పూర్తిగా మానెయ్యొచ్చా? మామూలుగా మెయిలు చాలు. జీతం ఆపినా, బెదిరింపులు మొదలైనా, మెయిలుకి రెండు మూడు రోజులు ఏ జవాబూ రాకపోయినా అదే మెయిలు ప్రింటు తీసి, సంతకం పెట్టి, కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామాకి పోస్టు చెయ్యడం మేలు. "ఫలానా తేదీన మెయిల్లో పంపిన నా రాజీనామా ప్రతి ఇది" అని పైన రాయాలి. లేకపోతే పోస్టు చేరిన తేదీ నుంచి కొత్త నోటీసు లెక్కపెడతారు. పాతకాలపు రిజిస్టర్డ్ పోస్టు ఇప్పుడు విడిగా లేదు. 2025లో దాన్ని స్పీడ్ పోస్టులో కలిపేశారు. కౌంటర్లో స్పీడ్ పోస్టుకి రిజిస్ట్రేషన్ అదనంగా కావాలని అడగాలి, అడిగితేనే వేస్తారు. ఉత్తరం ఆ పేరున్న మనిషికో ఆయన తరఫువాళ్ళకో ఇవ్వడం దాని ప్రత్యేకత. డెలివరీ అయిందని ట్రాకింగులో కనపడ్డ రోజే ఆ పేజీని ప్రింటు తీసుకోండి, కొన్నాళ్ళకి అది కనపడదు.

స్టార్టప్ పెట్టుకుని డైరెక్టర్లయిన మిత్రులకి ఇంకోమాట. మీది ఉద్యోగం కాదు, 2013 కంపెనీల చట్టం 168వ సెక్షను మీకు వర్తిస్తుంది. డైరెక్టరు రాజీనామా కంపెనీకి నోటీసు అందిన తేదీ, నోటీసులో రాసిన తేదీ, ఈ రెండింట్లో ఏది తర్వాతదైతే అప్పటినుంచి అమలు. భాగస్వామితో పడక బయటికొస్తే, అవతలివాడు రిజిస్ట్రారుకి చెప్పకుండా కూర్చునే ప్రమాదముంది. అప్పుడు మీరే డీఐఆర్-11 ఫారం దాఖలు చేసుకోవచ్చు. దానికి తగిలించాల్సినవి ఏమిటో తెలుసా? రాజీనామా నోటీసు, పంపిన రుజువు, అందినట్టు ఏదైనా రసీదు ఉంటే అది.